చిన్న అక్షరాలు లేని క్యాష్‌బ్యాక్ ప్రకటన

‘కిరాణా చెల్లింపులపై 5% వరకు క్యాష్‌బ్యాక్! ఈ నెలలో ₹60 వరకు గెలుచుకోండి! *షరతులు వర్తిస్తాయి.’

చెల్లింపుల యాప్ తెరవగానే పైన మెరిసే పట్టీ మీద ఇలాంటి వాక్యాలు రోజూ చూస్తుంటాం. ఇందులో అబద్ధమని వేలెత్తి చూపడానికి ఒక్క మాట లేదు. అయినా చదివినవారు ఎంత వస్తుందని అనుకుంటారో, నెలాఖరుకు చేతికి ఎంత వస్తుందో లెక్క వేస్తే రెండింటికీ పొంతన కుదరదు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, అదే ఆఫర్‌ను దాపరికం లేకుండా రాయాలంటే ఏమేం మారాలో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆఫర్ నేను కల్పించినదే. నిబంధనలు మాత్రం ఇలాంటి ఆఫర్లలో మామూలుగా కనిపించేవే.

నక్షత్రం గుర్తు వెనకాల ఉన్న నిబంధనలు ఇవి అనుకుందాం. ఒక్కో చెల్లింపు కనీసం ₹200 ఉండాలి. అందులో 5 శాతం వెనక్కి వస్తుంది కానీ ఒక చెల్లింపుకు ₹30 దాటదు. నెలలో అర్హత ఉన్న మొదటి రెండు చెల్లింపులకే వర్తిస్తుంది. వ్యాపారిగా నమోదైన దుకాణం క్యూఆర్ కోడ్‌కు చెల్లించాలి. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ ద్వారా చెల్లించాలి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకుని చెల్లిస్తే లెక్కలోకి రాదు. గడువు ఆగస్టు నెలంతా.

కూకట్‌పల్లిలో ఒక ఇల్లు. నెలకు ఇంటి సరుకులకు ₹4,800 ఖర్చు. పట్టీ చదివిన ఇల్లాలు 5 శాతమంటే ₹240 కదా అనుకోదు. ₹60 వరకు అని కూడా రాసి ఉంది కాబట్టి ఆ అరవై రూపాయలైనా వస్తాయని అనుకుంటుంది. నెల గడిచింది. మూడో తేదీన పప్పులు, నూనెకు ₹180 కట్టింది. కనీస మొత్తానికి ఇరవై రూపాయలు తక్కువ కాబట్టి ఏమీ రాలేదు. ఆరో తేదీన ₹240 కడితే ₹12 వచ్చింది. పదో తేదీన ₹950 కట్టింది. 5 శాతం లెక్కన ₹47.50 రావాలి, పరిమితి వల్ల ₹30 వచ్చింది. పద్దెనిమిదిన నెలవారీ పెద్ద సరుకు తీసుకుని ₹2,400 కట్టింది. రెండు అవకాశాలూ అప్పటికే అయిపోయాయి కాబట్టి సున్నా. మిగిలిన ₹1,030 రైతు బజారులో కూరగాయలకు, ఫోను నంబరుకు అనుసంధానమైన వ్యక్తిగత క్యూఆర్‌లకు వెళ్లింది. అదీ సున్నాయే. మొత్తం వచ్చింది ₹42. ఖర్చుతో పోలిస్తే వందకు రూపాయి కూడా లేదు.

ఇక్కడ ఆమెను తప్పుదారి పట్టించినది శాతం కంటే ‘మొదటి రెండు’ అన్న షరతు. ఆ ₹240 బిల్లును ఆఫర్ వర్తించని మరో పద్ధతిలో కట్టి, ₹950, ₹2,400 బిల్లులకు రెండు అవకాశాలనూ వాడుకుని ఉంటే పూర్తి ₹60 వచ్చేది. కానీ ఎన్నిసార్లు అన్న సంగతే పట్టీ మీద లేదు. అవకాశాలు లెక్కపెట్టి ఇస్తున్నారని తెలియనివారు వాటిని ఎక్కడ వాడాలో ఎలా ఎంచుకుంటారు? ఇక్కడొక కిటుకు కూడా ఉంది. యాప్ అవకాశాన్ని ఆమె అడగకుండానే వాడేస్తుంది. చిన్న బిల్లుకు వాడటం కంపెనీకి చవక. చాలామంది ఆఫర్ రూపకర్తలకు ఈ సంగతి బాగా తెలుసు.

అందుకే ఇలాంటి ప్రకటన రాసేవారు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆఫర్ చూసి చెల్లించిన మనిషికి సున్నా వచ్చేలా చేయగల షరతులు ఏవి? అవన్నీ పైన పట్టీలోనే, అంకె పక్కనే ఉండాలి. సున్నా చేయలేని వివరాలు, అంటే డబ్బు ఎప్పుడు జమ అవుతుంది, సరుకు తిరిగిచ్చేస్తే క్యాష్‌బ్యాక్ ఏమవుతుంది లాంటివి, కింద ఉన్నా ఫరవాలేదు. ఈ ఒక్క గీత గీసుకుంటే ఏది పైకి, ఏది కిందకి అన్న వాదన చాలావరకు తీరిపోతుంది. మన ఉదాహరణలో సున్నా చేసేవి ఐదు: కనీస మొత్తం, ఎన్నిసార్లు, ఎలాంటి క్యూఆర్, ఏ ఖాతా నుంచి, గడువు. పాత పట్టీ మీద నెల ప్రస్తావన తప్ప ఈ ఐదింటిలో ఏదీ లేదు.

తరువాత అంకె సంగతి. ‘5% వరకు’ అనే మాట ఈ ఆఫర్‌కు అసలు సరిపోదు. ₹200 నుంచి ₹600 దాకా కచ్చితంగా 5 శాతమే వస్తుంది. ₹600 దగ్గర ₹30 పరిమితి తగులుతుంది. ఆపైన బిల్లు పెరిగేకొద్దీ శాతం పడిపోతుంది. ₹2,400 బిల్లుకు అవకాశం మిగిలి ఉన్నా వచ్చేది 1.25 శాతమే. కాబట్టి శాతానికి బదులు ఆ మలుపు దగ్గరి రూపాయలనే ముందు పెట్టడం మేలు: ‘₹600 కిరాణా బిల్లుకు ₹30 వెనక్కి.’ ఈ వాక్యం చదివినవారికి బిల్లు ₹600 దాటితే ఏమవుతుందన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. జవాబు పక్కనే ఇవ్వాలి. ‘గెలుచుకోండి’ అన్న మాటను తీసేయాలి, ఎందుకంటే ఇక్కడ ఆట లేదు, లాటరీ లేదు. అదృష్టం మీద ఆధారపడే స్క్రాచ్ కార్డులు వేరే జాతి. వాటిలో ‘₹500 వరకు’ అంటే ఒక్క రూపాయి కూడా రావచ్చు. 1979 నాటి ప్రైజ్ స్కీముల నిషేధ చట్టం ఉన్నందువల్ల తమిళనాడును అలాంటి ఆఫర్ల నుంచి మినహాయిస్తున్నామని నిబంధనల్లో రాయడం మామూలే. హైదరాబాద్‌లో ఉన్నవారు ఆ వాక్యం చూసి తికమకపడనక్కర్లేదు.

ఇక అన్నిటికంటే చిక్కుముడి లాంటి షరతు: ‘కిరాణా దుకాణం’ అంటే ఏది? కొనేవారికి అది తెలుపు, నలుపు తేడా అంత సులువు. యాప్‌కు మాత్రం దుకాణం ముందున్న బోర్డు కనిపించదు. దానికి కనిపించేది క్యూఆర్ కోడ్‌లో దాగిన ఒక వరుస. అది ఇంచుమించు ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=dukanam@bank&pn=KIRANA&mc=5411&cu=INR
```

ఇందులో pa అంటే డబ్బు చేరాల్సిన యూపీఐ చిరునామా, pn అంటే పేరు. mc అన్నది వ్యాపారి వర్గాన్ని తెలిపే నాలుగంకెల కోడ్. 5411 అంటే కిరాణా, సూపర్ మార్కెట్. పాల ఉత్పత్తుల దుకాణానికి 5451, బేకరీకి 5462, మందుల షాపుకు 5912. వ్యక్తిగత ఖాతా క్యూఆర్‌లో ఈ కోడ్ ఉండకపోవచ్చు, లేదా 0000 ఉంటుంది. ఆఫర్ నియమాలు నడిపే సాఫ్ట్‌వేర్ చూసేది ఈ కోడ్‌నే.

దీని పర్యవసానాలు హైదరాబాద్ వీధుల్లో అడుగడుగునా తగులుతాయి. గల్లీ చివర పాల బూత్‌లో పెరుగు, రొట్టె, గుడ్లు, ఉప్పు అన్నీ దొరుకుతాయి. కొనేవారి దృష్టిలో అది కిరాణా కొట్టే. దాని కోడ్ 5451 అయితే ఆఫర్ వర్తించదు. ఉస్మానియా బిస్కెట్లతో పాటు పాలపొడి, చక్కెర అమ్మే బేకరీ కూడా అంతే. బేగంబజార్‌లో పప్పు దినుసులు టోకున అమ్మే వ్యాపారి వేరే కోడ్ కింద నమోదై ఉండవచ్చు. చిన్న కొట్టు యజమాని తన సొంత ఖాతా క్యూఆర్‌నే గల్లాపెట్టెకు అతికించి ఉండవచ్చు. వీరెవరూ మోసం చేయడం లేదు. నమోదు చేసిన రోజున ఏ వర్గం పడితే ఆ వర్గమే ఉండిపోతుంది, అంతే.

దీన్ని ప్రకటనలో ఎలా చెప్పాలి? వర్గాల కోడ్‌లు ఏకరువు పెడితే ఎవరూ చదవరు. ‘అర్హత గల వ్యాపారుల వద్ద మాత్రమే’ అంటే ఏమీ చెప్పనట్టే. అది చెప్పినట్టు కనిపిస్తూ దాచే వాక్యం. నా ఉద్దేశంలో ఇక్కడ మార్చాల్సింది వాక్యాన్ని కాదు, ఆఫర్‌ను. అర్హత జాబితాలో 5411 ఒక్కటే కాకుండా పాల బూత్‌లు, బేకరీలు, ఇతర ఆహార దుకాణాల కోడ్‌లను కూడా చేరిస్తే ‘కిరాణా, పాలు, బేకరీ దుకాణాల్లో’ అని ధైర్యంగా రాయవచ్చు. మనిషికి అరకొరగానైనా మూడు మాటల్లో చెప్పలేని షరతు, ఆ మనిషి దుకాణంలో నిలబడి పాటించలేని షరతు కూడా. ఖర్చు పెరుగుతుందని ఆర్థిక విభాగం గొణిగితే అవకాశాలను తగ్గించండి, లేదా గడువును కుదించండి. ఆ రెండూ ఒక్క అంకెతో చెప్పగలిగేవి.

వ్యక్తిగత క్యూఆర్ మినహాయింపును మాత్రం తీసేయలేరు. తీసేస్తే ఇద్దరు స్నేహితులు ₹600 అటూ ఇటూ పంపుకుని చెరో ₹30 తీసుకుంటారు. ఆ షరతు ఉండాలి, పైన కనిపించాలి. చెప్పే మాట కూడా కొనేవారు చూడగలిగినదై ఉండాలి: ‘స్కాన్ చేశాక దుకాణం పేరు కనిపించాలి. వ్యక్తి పేరు కనిపిస్తే ఆఫర్ వర్తించకపోవచ్చు.’ ఇందులో ‘వర్తించకపోవచ్చు’ అన్నది తప్పించుకునే మాట కాదు. వ్యక్తి పేరుతోనే వ్యాపారిగా నమోదైన కొట్లు ఉన్నాయి కాబట్టి పేరు చూసి పూర్తిగా తేల్చలేం. తేల్చగలిగేది యాప్ ఒక్కటే. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

గడువు దగ్గరికి వద్దాం. ‘ఆగస్టు 31 వరకు’ అంటే 31వ తేదీ లోపా, ఆ రోజు కూడానా? తెలుగులో మామూలుగా ఆ రోజునూ కలుపుకునే అర్థం చేసుకుంటాం. సర్వర్‌లో 31వ తేదీ 00:00 అని పెట్టేస్తే 30వ తేదీ రాత్రితోనే ఆఫర్ ముగుస్తుంది. కాబట్టి గంట రాయాలి: ‘ఆగస్టు 31, 2026 రాత్రి 11:59 వరకు.’ సంవత్సరం ఎందుకంటే ఈ పట్టీల ఫొటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో మరుసటి ఆగస్టు దాకా తిరుగుతుంటాయి.

చివరి నిమిషంలో కట్టేవారికి ఇంకో సమస్య ఉంది. 31వ తేదీ రాత్రి 11:58కి పిన్ నొక్కితే, బ్యాంకు సర్వర్ నెమ్మదించి చెల్లింపు ‘పెండింగ్’లో పడి, విజయవంతమైందన్న సమాచారం అర్ధరాత్రి దాటాక రావచ్చు. అప్పుడు లెక్కలోకి తీసుకునేది పిన్ నొక్కిన సమయాన్నా, పూర్తయిన సమయాన్నా? ఆ జాప్యం మనిషి చేతిలో లేనిది కాబట్టి పిన్ నొక్కిన సమయమే న్యాయం. సాఫ్ట్‌వేర్‌లో ఆ సమయం నమోదై ఉంటుంది కూడా. విఫలమైన చెల్లింపుకు క్యాష్‌బ్యాక్ ఎలాగూ రాదు. ఖాతాలో డబ్బు తగ్గి, దుకాణానికి చెల్లింపు ఖరారు కాకపోతే ఐదు రోజుల్లోపు ఆ డబ్బు తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో నిర్దేశించింది. అది బిల్లు డబ్బుకు సంబంధించిన హక్కు. క్యాష్‌బ్యాక్ కంపెనీ ఇచ్చిన మాట, దాన్ని బ్యాంకు నుంచి అడగలేం.

గడువుతో ముడిపడిన మరో పాత అలవాటు, ‘ముందుగా తెలియజేయకుండా ఆఫర్‌ను ఎప్పుడైనా నిలిపివేసే హక్కు కంపెనీకి ఉంది’ అన్న వాక్యం. నిజంగా చెప్పాల్సింది బడ్జెట్ పరిమితి అయితే దాన్నే అంకెగా చెప్పవచ్చు: ‘మొదటి లక్ష చెల్లింపులకే.’ అలా చెప్పినప్పుడు ఎన్ని మిగిలాయో కూడా చూపాలి. చూపలేకపోతే లక్ష నిండిన క్షణాన పట్టీ కనిపించకుండా పోవాలి. ‘త్వరపడండి, కొద్దిసేపే!’ అంటూ నెలంతా అదే పట్టీ నడపడం వేరు సంగతి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాలు వినియోగదారులను మభ్యపెట్టే 13 రకాల పద్ధతులను పేర్కొన్నాయి. వాటిలో లేని తొందర పుట్టించడం ఒకటి.

అదే సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనలపై తెచ్చిన మార్గదర్శకాలు మన నక్షత్రం గుర్తుకు నేరుగా తగులుతాయి. షరతులు ప్రధాన వాక్యాన్ని వివరించవచ్చు కానీ దానికి విరుద్ధంగా ఉండకూడదు. ముఖ్యమైన సమాచారాన్ని దాచకూడదు. స్పష్టంగా కనిపించే చోట ఉండాలి. ప్రధాన వాక్యం ఏ భాషలో ఉంటే షరతులూ ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. అంటే తెలుగులో ఊరించి, నక్షత్రం నొక్కితే ఇంగ్లీషు పేజీ తెరవడం ఈ మార్గదర్శకాలకు కుదరదు. హైదరాబాద్ కోసం తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు పట్టీలు నాలుగూ వేసేవారు నిబంధనల పేజీలు కూడా నాలుగు రాయించాలి. పట్టీలు నాలుగు భాషల్లో వేయించి, నిబంధనల దగ్గరికి వచ్చేసరికి అనువాదానికి సమయం చాలలేదనే కంపెనీలను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు పాత పట్టీని తిరగరాద్దాం. ఆహార దుకాణాల జాబితాను విస్తరించారనే అనుకుందాం.

‘₹600 సరుకుల బిల్లుకు ₹30 వెనక్కి. కిరాణా, పాలు, బేకరీ దుకాణాల్లో ₹200 లేదా అంతకంటే ఎక్కువ బిల్లులకు 5 శాతం వస్తుంది. బిల్లు ఎంత పెద్దదైనా ₹30 దాటదు. ఆగస్టులో మీరు కట్టే అలాంటి మొదటి రెండు బిల్లులకే, అంటే నెలకు మొత్తం ₹60 మించదు. బ్యాంకు ఖాతా నుంచి, దుకాణం క్యూఆర్‌కు చెల్లించాలి. క్రెడిట్ కార్డుతో లేదా వ్యక్తిగత క్యూఆర్‌కు చెల్లిస్తే రాదు. ఆగస్టు 31, 2026 రాత్రి 11:59 లోపు పిన్ నొక్కాలి.’

పాతదానికి నాలుగు రెట్లకు పైగా పొడుగు. నక్షత్రం లేదు. డబ్బు మూడు పనిదినాల్లో బ్యాంకు ఖాతాకు చేరుతుందన్నది కింద పేజీకి వెళ్లింది. ఒకవేళ అది ఖాతాకు కాకుండా కాయిన్ల రూపంలోనో, మరో కొనుగోలుకే పనికొచ్చే కూపన్‌గానో వస్తే మాత్రం దాన్ని కిందకి నెట్టకూడదు. అప్పుడు ‘వెనక్కి’ అన్న మాటే వాడకూడదు. ‘₹30 కూపన్, 15 రోజుల్లో వాడాలి’ అని మొదటి వాక్యంలోనే చెప్పాలి.

అంత చోటు లేదనే అభ్యంతరం తప్పక వస్తుంది. ఎస్సెమ్మెస్ విషయంలో అది నిజమే. ఇంగ్లీషు సందేశానికి ఒక భాగంలో 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో 70 మాత్రమే. సందేశం పొడవై భాగాలుగా విడిపోతే ఒక్కో భాగానికి 67. పైగా ఇక్కడ లెక్క మన కంటికి కనిపించే అక్షరాలది కాదు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘ర్లే’ అన్నది మనకు ఒక్క అక్షరం, ఫోనుకు నాలుగు. ఇంగ్లీషు సందేశంలో ₹ గుర్తు వాడినా అది 70 కోటాలోకే పడిపోతుంది. అందుకే ఆ సందేశాల్లో ఇప్పటికీ Rs అనే రాస్తారు.

మన ఆఫర్‌ను 70లో కుదిస్తే ఇలా వస్తుంది: ‘₹200+ కిరాణా బిల్లుకు 5% వెనక్కి, ₹30 మించదు. 2 సార్లే. ఆగస్టు 31 వరకు’. లెక్కపెడితే సరిగ్గా 70. పొందికగా ఉంది కదా అని పంపేయాలనిపిస్తుంది. కానీ ఇది పంపదగినది కాదు. కంపెనీ పేరు లేదు సరే, క్రెడిట్ కార్డు సంగతి లేదు, వ్యక్తిగత క్యూఆర్ సంగతి లేదు. సున్నా చేయగల షరతులు రెండు జారిపోయాయి. ఇలాంటప్పుడు రెండే దారులు. రెండు మూడు భాగాల సందేశం ఖర్చు భరించి పూర్తిగా చెప్పడం, లేదా అంకె లేకుండా ‘సరుకుల చెల్లింపులకు ఈ నెల ఆఫర్ ఉంది, షరతులు యాప్‌లో’ అనడం. షరతులకు చోటు లేని చోట అంకెకు కూడా చోటు లేదని ఒప్పుకోవాలి. మార్కెటింగ్ వారికి ఇది రుచించదు, అంకె లేకపోతే ఎవరూ నొక్కరు కాబట్టి.

ఎంత బాగా రాసినా ప్రకటన ఒక్కటే చాలదు. దుకాణంలో నిలబడిన మనిషికి ఐదు షరతులు గుర్తుండవు. తెర మీద పేరు చూసి అది ఏ రకం క్యూఆరో చెప్పలేరు. క్యూఆర్ స్కాన్ చేసిన క్షణంలోనే యాప్‌కు వ్యాపారి కోడ్ తెలుసు. మొత్తం టైప్ చేయగానే బిల్లు తెలుసు. ఏ ఖాతా ఎంచుకున్నారో, ఈ నెలలో ఎన్నిసార్లు వాడుకున్నారో తెలుసు. చెల్లింపు అయ్యాక క్యాష్‌బ్యాక్ లెక్కించగల సాఫ్ట్‌వేర్ చెల్లింపుకు ముందు కూడా లెక్కించగలదు. కాబట్టి పిన్ అడిగే తెరకు ముందే ఒక వాక్యం రావాలి: ‘ఈ చెల్లింపుకు ₹12 వస్తుంది. మీ రెండు అవకాశాల్లో ఒకటి వాడినట్టవుతుంది.’ దాని పక్కన ‘ఇప్పుడు వద్దు’ అన్న మీట. ఆరో తేదీన ఆ మీట ఉండి ఉంటే కూకట్‌పల్లి ఇల్లాలు ₹240 బిల్లు దగ్గర అవకాశాన్ని దాచుకునేది. రాని సందర్భంలోనూ అలాగే: ‘ఇది వ్యక్తిగత క్యూఆర్, ఆఫర్ వర్తించదు.’

చెల్లింపు తరువాత చరిత్ర పేజీలో సున్నాకు కారణం రాసి ఉండాలి. ‘ఈ నెల మీ రెండు అవకాశాలు 6, 10 తేదీల్లో వాడారు’ అని ఉంటే ఫిర్యాదు చేయాల్సిన పనే ఉండదు. అది లేనప్పుడు, రావాల్సింది రాలేదని అనిపిస్తే, ఆఫర్ పట్టీ ఫొటోను గడువు లోపలే తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే గడువు దాటాక అది యాప్‌లో దొరకదు. చెల్లింపు వివరాల్లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకుని ముందు యాప్ సహాయ విభాగంలో అడగాలి. అక్కడ ‘మీరు అర్హులు కారు’ అన్న ఒక్క ముక్క జవాబొస్తే, ఏ షరతు వల్ల కాదో చెప్పమని రాతపూర్వకంగా కోరాలి. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.